మంగంపేట కాటా దగ్గర ‘చూద్దాం’ అనే మాట

మంగంపేటలో తవ్వేది ముగ్గురాయి. బెరైటీస్ అని కాగితాల్లో రాస్తారు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ గనుల నుంచి వచ్చిన ఈ రాయి చుట్టుపక్కల మిల్లుల్లో పొడి అవుతుంది. అందులో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోట బురదలో కలిపి బరువు పెంచడానికి వెళ్తుంది. మామూలు బండరాయి నీటికి రెండున్నర రెట్లకు పైచిలుకు బరువుంటే, మంచి ముగ్గురాయి నాలుగు రెట్లు దాటుతుంది. అందుకే ఇక్కడ లారీ తొట్టి సగం కూడా నిండకముందే లోడు పూర్తయిపోతుంది. టన్ను ఎక్కువ పడినా తక్కువ పడినా కంటికి తేడా తెలియదు. ఈ వ్యాపారంలో కాటా చీటీ చెప్పిందే లెక్క.

ఆ చీటీని ముద్రించే సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఇచ్చేవాళ్లకు తరచుగా ఎదురయ్యే కోరిక ఒకటుంది. “అచ్చయిన చీటీలో తూకం మార్చుకునే ఆప్షన్ ఇవ్వండి.” కాటా సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాడు చాలావరకు ఇవ్వకూడని ఫీచర్ ఇది. అడిగేవాడికేమో నిజంగా కష్టం వచ్చింది, అతని ఉద్దేశంలో మోసమేమీ లేదు. ఇలాంటి మనిషికి ‘ఇది మా ప్రణాళికలో లేదు’ అని ఎలా చెప్పాలి, కారణం ఎంతవరకు విప్పాలి, బదులుగా ఏం చూపించాలి? ఈ ప్రశ్నకు మన చుట్టూ ఇప్పటికే వచ్చిన జవాబులను ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

ముందు కోరిక ఎక్కడ పుడుతుందో చూడాలి. ఊహకు ఒక లారీని తీసుకుందాం. ఖాళీగా కాటా ఎక్కినప్పుడు 11,240 కిలోలు. రాయి లోడు చేసుకుని తిరిగొచ్చాక 36,870. తీసివేస్తే నికరంగా 25,630 కిలోలు. అయితే అదే గంటలో, దాదాపు అదే నంబరున్న ఇంకో లారీ కూడా ఖాళీగా కాటా ఎక్కి ఉంది. దాని ఖాళీ తూకం 12,420. రెండో తూకం వేసేటప్పుడు ఆపరేటర్ జాబితాలో ఒక వరుస కిందిది నొక్కాడు. చీటీ మీద నికర తూకం 24,450 అని పడింది. దాన్నిబట్టే బిల్లు, దాన్నిబట్టే ఈ-వే బిల్లు తయారయ్యాయి. లారీ రైల్వే కోడూరు దాటిపోయింది. సాయంత్రం లెక్క చూసుకుంటే 1,180 కిలోల రాయికి బిల్లే లేదు.

యజమాని ఫోన్ చేస్తాడు. “ఏం తమ్ముడూ, పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉంటాది. ఆ తూకం మార్చుకునేట్టు చేసిపెట్టు, సాలు.”

ఇటువైపు నుంచి వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: “చూద్దాంలే అన్నా.”

నా దృష్టిలో గొడవంతా ఈ ‘చూద్దాం’తోనే మొదలవుతుంది. మన దగ్గర పెద్దవాళ్ల ముఖం మీద లేదని చెప్పడం మర్యాద కాదనుకుంటాం, ‘చూద్దాం’ అంటే నొప్పించకుండా తప్పుకోవచ్చనుకుంటాం. కానీ ఆ మాట వినేవాడి స్థితిని బట్టి అర్థం మార్చుకుంటుంది. పెళ్లి సంబంధం దగ్గర ‘చూద్దాం’ అంటే కాదన్నట్టేనని అందరికీ తెలుసు. డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ కొన్నవాడికి మాత్రం అది ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. అతను వచ్చే అప్‌డేట్ కోసం ఎదురుచూస్తాడు. ఆపరేటర్‌తో “ఇంకో నెలలో మార్చుకునేది వస్తాది, అప్పటిదాకా తప్పులు పుస్తకంలో రాసిపెట్టు” అంటాడు. ఆ పుస్తకం నిండుతుంది. చేతిలో ఉన్న వేరే దారిని అతను వాడడు, ఎందుకంటే అసలుది వస్తోందని నమ్ముతున్నాడు. లేదని చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం ఇదే: ఆ రోజు సపోర్ట్ కుర్రాడు తప్పించుకున్న ఇబ్బంది, నెలల తరబడి అవతలివాడి పుస్తకంలో పేరుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ లోకం ఈ తేడాను ఆలస్యంగానైనా గుర్తించింది. తప్పుల జాబితా నడిపే బగ్‌జిల్లాలో `WONTFIX` అనే ముద్ర ఎప్పటినుంచో ఉంది. సూటిగానే ఉన్నా, చెయ్యనుగాక చెయ్యను అన్నట్టు కటువుగా వినిపిస్తుంది. గిట్‌హబ్‌లో చాలాకాలం ఒక కోరికను మూసేస్తే, పని పూర్తయి మూశారో వద్దనుకుని మూశారో తెలిసేది కాదు. 2022లో మూసేటప్పుడే కారణం ఎంచుకునే వీలు పెట్టి, రెండోదానికి `Closed as not planned` అని రాశారు. ఆ నాలుగు మాటల్లో ఒక కొలత ఉంది. ‘చెయ్యలేం’ అనడం లేదు, ‘ఎప్పటికీ చెయ్యం’ అనడమూ లేదు. ఇవాళ మా పనుల వరుసలో ఇది లేదు, దీన్ని నమ్ముకుని మీరు ఏర్పాట్లు చేసుకోవద్దు అని చెబుతున్నారు. తెలుగులో ‘ఇది చేసే ఆలోచన ప్రస్తుతం మాకు లేదు’ అంటే సరిగ్గా సరిపోతుంది. అందులో ‘ప్రస్తుతం’ అన్నది ఆశ పెట్టడానికి వాడే మాటగా మారకూడదు. పక్కనే కారణం ఉంటే అలా మారదు.

కారణం సంగతికి వస్తే, చాలా జవాబులు తప్పేది ఇక్కడే. చేతికి సులువుగా దొరికే కారణాలు రెండున్నాయి. ఈ సందర్భంలో రెండూ నిజం కావు.

మొదటిది, “సిస్టంలో కుదరదన్నా.” కుదురుతుంది. చీటీల వివరాలన్నీ డేటాబేస్‌లో వరుసలుగానే ఉంటాయి. ఒక్క ఆజ్ఞతో ఆ అంకె మారుతుంది. సపోర్ట్ కుర్రాడికి ఆ సంగతి తెలుసు. కొన్నాళ్లకు యజమానికీ తెలుస్తుంది, పక్క మిల్లులో వేరే సాఫ్ట్‌వేర్ మార్చనిస్తోందని విన్నరోజున. ఆనాటి నుంచి ఇతను చెప్పే ఏ కారణాన్నీ అతను నమ్మడు.

రెండోది, “చట్టం ఒప్పుకోదన్నా.” ఇది వినడానికి మరీ గట్టిగా ఉంటుంది. నిజానికి అలాంటి నిబంధన ఒకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. దీనికోసమే టాలీ సంస్థ, మార్పుల చిట్టాను ఆపడం కుదరని ‘ఎడిట్ లాగ్’ రకాన్ని విడిగా ఇచ్చింది. చిట్టా ఆపుకునే మీట కావాలని అడిగే కంపెనీకి అక్కడ ఇచ్చే జవాబుకు చట్టమే ఆధారం. కానీ ఆ నిబంధన కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలకే, వాటి ఖాతా పుస్తకాలకే వర్తిస్తుంది. అది సొంత పేరు మీద, భాగస్వామ్యం మీద నడిచే మిల్లును కట్టడి చేయదు. కాటా చీటీ ఖాతా పుస్తకం కూడా కాదు. మిల్లుకు వర్తించని చట్టాన్ని చూపించి లేదనడం మొదటి అబద్ధంకన్నా పెద్ద అబద్ధం, ఎందుకంటే దాన్ని సరిచూసుకోవడానికి యజమాని ఆడిటర్ ఫీజు కట్టుకోవాలి.

మరి నిజమైన కారణం ఏది? ఆ చీటీ యజమాని ఒక్కడిది కాదు. అటు కొన్నవాడు దాన్నిచూసి డబ్బు కడతాడు, లారీ ఓనరు దాన్నిచూసి బాడుగ తీసుకుంటాడు. తూనికలు కొలతల శాఖవాళ్లు ఏటా కాటాను పరీక్షించి ముద్ర వేస్తారు, కాటా సర్దుబాటును ఎవరూ కదిలించకుండా సీలు వేస్తారు. పరీక్షించిన కాటా మీద పడిన బరువే కాగితం మీదికి వచ్చిందన్న నమ్మకం ఆ సీలు ఇస్తుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఒక అంకెను టైపు చేయనిస్తే సీలు చెక్కుచెదరకుండానే దాని అర్థం పోతుంది. మార్చిన చీటీని, మార్చని చీటీని కొనేవాడు విడదీసి చూడలేడు కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే చీటీలన్నిటి మీదా అనుమానం పడుతుంది, తప్పు చేయని మిల్లుల చీటీల మీద కూడా. పాస్‌వర్డ్ ఒక్కడి దగ్గరే ఉంటుందన్న హామీ నిజాయితీగా ఇచ్చిందే కావచ్చు. కానీ రాత్రి రెండింటికి లారీ కాటా మీద ఉంటే యజమానిని నిద్రలేపి అడిగేవాళ్లుండరు, పాస్‌వర్డ్ ఆపరేటర్ చేతికి వచ్చేస్తుంది.

ఈ కారణం యజమానికి అర్థం కావడం కష్టమేమీ కాదు. అతనూ ఇంకోచోట కొనేవాడే. గనినుంచి రాయి తెచ్చుకునేటప్పుడు అవతలి చీటీలో తూకం టైపు చేసే వీలుందని తెలిస్తే అతనేమంటాడో అతన్నే అడగవచ్చు.

ఇదే కోరికకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు కూడా పరిశీలించదగ్గది. ఈ-వే బిల్లు ఒకసారి తయారయ్యాక అందులో సరుకు పరిమాణాన్ని దిద్దడం కుదరదు. దారిలో లారీ చెడిపోతే బండి నంబరు ఉండే రెండో భాగాన్ని మాత్రం మార్చుకోవచ్చు. మిగతా తప్పులకు 24 గంటల్లో రద్దు చేసి కొత్తది తీసుకోవాలి, అదీ దారిలో అధికారి తనిఖీ చేయకముందే. ఈ-ఇన్వాయిస్‌దీ ఇదే వరస, రద్దుచేసిన బిల్లు నంబరును తిరిగి వాడనివ్వదు. గడువు దాటాక తక్కువ బిల్లు వేశామని తేలితే డెబిట్ నోటు, ఎక్కువ వేశామని తేలితే క్రెడిట్ నోటు ఇవ్వాలి. పాత కాగితాన్ని చెరపకుండా దాని పక్కన ఇంకో కాగితం పెట్టడమే ఈ పద్ధతి. ఏది ఎందుకు మార్చుకోవచ్చో కూడా ఇందులో విడదీశారు: లారీ మారడం దారిలో సహజంగా జరిగేదే, సరుకు బరువు దారిలో మారడం సహజం కాదు. కోరికను మొత్తంగా తోసెయ్యకుండా, అందులో ఇవ్వగలిగిన ముక్కను వేరుచేసి ఇచ్చారు. ఇందులో లోటల్లా జవాబు చెప్పే తీరులోనే. తెరమీద కుదరదన్న సందేశం కనిపిస్తుంది, ఎందుకన్నది నోటిఫికేషన్లలో వెతుక్కోవాలి.

దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గది ట్విటర్ కథ. పెట్టిన పోస్టును దిద్దుకునే మీట కావాలని జనం ఏళ్ల తరబడి అడిగారు. అప్పటి అధిపతి జాక్ డార్సీ 2020 జనవరిలో బహిరంగంగానే జవాబిచ్చారు. ఎస్సెమ్మెస్ పద్ధతిలో మొదలైన సేవ ఇది, పంపిన మెసేజీని వెనక్కి తీసుకోలేం కదా అన్నారు. ఎవరైనా పంచుకున్న పోస్టును తర్వాత మార్చేస్తే, పంచుకున్నవాళ్లు చెప్పని మాట చెప్పినట్టవుతుందన్నారు. అంతవరకు అది చక్కటి జవాబు, కారణం కూడా కాటా చీటీ కారణంలాంటిదే. కానీ బహుశా ఎప్పటికీ చెయ్యమేమో అని కూడా అన్నారు. 2022లో, ఆయన దిగిపోయాక, డబ్బు కట్టే వినియోగదారులకు ఆ మీట వచ్చింది: అప్పట్లో అరగంటలోపే దిద్దుకోవాల్సి ఉండేది, పాత రూపాలన్నీ చూసేవారికి కనిపించేవి. గమనిస్తే డార్సీ చెప్పిన కారణం ఓడిపోలేదు. పాత రూపం దాచకపోతే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది కాబట్టి కోరికే రూపం మార్చుకుని లోపలికి వచ్చింది. ‘ఎప్పటికీ’ అన్న మాటే అనవసరంగా మిగిలింది. కారణాన్ని స్పష్టంగా చెబితే, ఏం మారితే జవాబు మారుతుందో వినేవాడికీ తెలుస్తుంది.

కారణం చెబితే వాదన పెరుగుతుంది, క్లుప్తంగా లేదని ఊరుకోవడం మేలు అనేవాళ్లున్నారు. వాదన పెరిగే మాట నిజమే. అయితే ఆ వాదనలో కస్టమర్ గెలిస్తే మన నిర్ణయంలో లోపముందన్నమాట, అది తెలుసుకోవడం మనకే అవసరం. కోరికలన్నీ జాబితాగా పెట్టి ఓట్లు వేయించి ఎక్కువ వచ్చినవి చేస్తామనే పద్ధతి కూడా ఉంది. మంగంపేటలాంటిచోట అది పనికిరాదు. తూకం మార్చే వీలు కావాలని మిల్లులన్నీ ఓటేస్తాయనుకుందాం. చీటీని నమ్మి డబ్బు కట్టే కొనుగోలుదారుకు, బాడుగ తీసుకునే లారీ ఓనరుకు ఆ జాబితాలో ఓటే లేదు.

ఇక బదులు దారి. యజమాని అడిగింది తూకం మార్చుకోవడం, అతనికి కావలసింది తప్పు జతను విడదీయడం. మన లారీ కథలో తూకాలు రెండూ సరైనవే. 11,240 కాటా మీద పడింది, 36,870 కాటా మీద పడింది. చెడిపోయింది జత మాత్రమే. కాబట్టి ఎవరూ ఏ అంకెనూ టైపు చెయ్యకుండానే దిద్దవచ్చు: పాత చీటీని కారణం రాసి రద్దుచేయాలి, కాటా నమోదు చేసిన తూకాల్లోంచి సరైన రెండింటినీ జతచేసి కొత్త నంబరుతో చీటీ తియ్యాలి, ‘ఫలానా నంబరు రద్దుకు బదులు’ అని దాని మీదే అచ్చుపడాలి. పాత చీటీ అడ్డగీతతో అలాగే ఉంటుంది. 25,630 మీద కొత్త బిల్లు వెళ్తుంది, లేదా గడువు దాటితే 1,180 కిలోలకు డెబిట్ నోటు వెళ్తుంది. కొన్నవాడు ఎందుకని అడిగితే చూపించడానికి రెండు చీటీలూ ఉంటాయి.

ఈ దారి వల్ల పడే ఇబ్బందిని కూడా దాచకూడదు. మార్చే మీట అయితే అరనిమిషం పని. ఇదైతే రద్దు కారణం రాయాలి, బిల్లు మళ్లీ చెయ్యాలి, చీటీల వరుసలో ఒక నంబరు పోయినట్టు కనిపిస్తుంది, నెలాఖరున ఆడిటర్ దాని గురించి అడుగుతాడు. ఇవన్నీ ముందే చెప్పినవాడి మాటను యజమాని తర్వాత కూడా నమ్ముతాడు.

తప్పును ముందే పట్టుకునే దారి ఇంకోటుంది. ఒక లారీ ఖాళీ తూకం గతంలో ఎంత పడిందో సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. ఎప్పుడూ 11,200 చుట్టూ ఉండే బండికి ఇవాళ 12,420 జతపడుతుంటే చీటీ అచ్చుకాకముందే ఆగి అడగవచ్చు. హద్దు ఎంత పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయం. మూడొందల లీటర్ల డీజిల్ ఒక్కటే దాదాపు 250 కిలోలు. దానికి టార్పాలిన్, తాళ్లు, తొట్టికి అంటిన తడి మట్టి తోడవుతాయి. 200 కిలోల తేడాకే హెచ్చరిక పెడితే ట్యాంకు నింపుకొచ్చిన ప్రతి బండికీ మోగుతుంది, రెండు రోజులకు ఆపరేటర్ చదవకుండానే సరే నొక్కడం అలవాటు చేసుకుంటాడు. ఐదారు వందల దగ్గర పెడితే మన కథలోని తప్పు దొరుకుతుంది. రెండు లారీల ఖాళీ తూకాల మధ్య తేడా మూడొందలే ఉంటే మాత్రం దొరకదు. ఈ హద్దునూ కస్టమర్‌కు చెప్పాలి, లేకపోతే హెచ్చరిక రాలేదు కాబట్టి చీటీ సరైనదే అనుకుంటాడు.

ఇలా అన్నీ కలిపి రాస్తే జవాబు ఇంతే అవుతుంది:

“నమస్తే అన్నా. అచ్చయిన చీటీలో తూకం మార్చే ఆప్షన్ అడిగారు. అది చేసే ఆలోచన మాకు లేదు. చెయ్యడం కుదరక కాదు. అంకె టైపు చేసే వీలుంటే మీ చీటీని కొనేవాళ్లు నమ్మడానికి ఆధారం ఉండదు, అదీ కారణం. నిన్నటి బండికి రెండు తూకాలూ కాటా మీద పడినవే, జత తప్పింది. పాత చీటీ రద్దుచేసి సరైన జతతో కొత్త చీటీ ఇప్పుడే తీసుకోవచ్చు. పదిహేను నిమిషాల పని, బిల్లు కూడా మళ్లీ చెయ్యాలి. ఈ-వే బిల్లు తీసి 24 గంటలు కాలేదు కాబట్టి ఆ సంగతి మీ అకౌంటెంట్‌ను ఈ రోజే చూడమనండి. ఇకముందు ఖాళీ తూకం 500 కిలోలకు మించి తేడా వస్తే ఆగి అడిగేట్టు పెట్టమంటారా? ఈ దారి సరిపోని సందర్భం మీకు ఎదురైతే ఆ చీటీ నంబరుతో చెప్పండి, మళ్లీ ఆలోచిస్తాం.”

రాయడానికి ముందు ఫోన్లో చెప్పాలి. ఇంత పెద్ద మాటను మెసేజీలో మాత్రమే పంపితే ముఖం చాటేసినట్టు ఉంటుంది. ఫోన్లో చెప్పి వదిలేస్తే, రేపు ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. అసలు ఖాళీ తూకమే వెయ్యకుండా లోడుకు వెళ్లిన బండి ఉందనుకుందాం, దానికి జతచేయడానికి ఏమీ ఉండదు. అప్పుడు సరుకు దించాక ముద్ర ఉన్న ఇంకో కాటా మీద ఖాళీ తూకం వేయించి, ఆ చీటీని జతపరచి నమోదు చేసుకోవడం తప్ప దారిలేదు. అలాంటివి తరచుగా వస్తున్నాయని తెలిస్తే దానికి వేరే ఏర్పాటు ఆలోచించాల్సిందే.

జవాబు ఎంత బాగా రాసినా దాన్ని చెడగొట్టే పని ఒకటుంది. “ఈ ఒక్కసారికి లోపల్నుంచి మార్చి పెట్టు తమ్ముడూ” అని యజమాని అడుగుతాడు. పాత పరిచయం, నెలాఖరు, పెద్ద పార్టీ. సపోర్ట్ కుర్రాడు డేటాబేస్ తెరిచి అంకె మార్చేస్తాడు. ఆ క్షణం నుంచి చీటీ నమ్మకం గురించి చెప్పిందంతా అబద్ధమవుతుంది. ఫీచర్ ఉంది, అది పరిచయస్తులకు మాత్రమే ఉంది. దానికి చిట్టా కూడా లేదు కాబట్టి అసలు ఇవ్వకూడదనుకున్న మీటకన్నా ఇది ప్రమాదం. కాటా కంపెనీ ఆ దారిని తన మనుషులకు కూడా మూసెయ్యాలి: సపోర్ట్ లాగిన్‌తో చీటీలను చదవగలగాలి తప్ప రాయగలగకూడదు.

అన్ని కోరికలకూ కారణం ఇంత గొప్పగా ఉండదు. ఇంకో మిల్లులో పాతకాలపు ఇండికేటర్ ఉందనుకుందాం, దానితో మాట్లాడే డ్రైవర్ రాయమని అడుగుతారు. అది చెయ్యకపోవడానికి కారణం డబ్బు. ఆ మోడల్ ఒక్కచోటే ఉంది, రాయడానికి పరీక్షించడానికి వారాలు పడుతుంది. దీన్ని భద్రత అనో నాణ్యత అనో చుట్టిపెట్టి చెప్పనక్కర్లేదు. “ఒక్క మిల్లు కోసం ఇంత పని పెట్టుకునే స్తోమత మాకు లేదన్నా. కొత్త ఇండికేటర్ వేసుకోండి, లేదా దీనితో పనిచేసే వేరే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లండి, మీ పాత చీటీలన్నీ ఎక్సెల్‌లో తీసిస్తాం” అనడమే సరైన జవాబు. కస్టమర్ వెళ్లిపోయే దారిని కూడా చూపించే ఈ చివరి మాట అనడానికి ఏ వ్యాపారికైనా గుండె కావాలి. వేరే దారి లేనప్పుడు అదే అసలైన ప్రత్యామ్నాయం.

లేదన్న మాట సరిగ్గా అందిందో లేదో నెల తర్వాత తెలుస్తుంది. ఆ మిల్లులో రద్దు చీటీలు ఎన్ని పడ్డాయో చూడాలి. ఒక్కటీ లేకపోతే తప్పులు ఆగాయని కాదు, అవి మళ్లీ పుస్తకంలోకి వెళ్తున్నాయని అనుమానించాలి. రోజుకు నాలుగైదు పడుతుంటే జాబితాలో బండి నంబర్లు చదవడమే కష్టంగా ఉందేమో కాటా గదిలో కూర్చుని చూడాలి. నెలకు రెండో మూడో పడి, ప్రతిదాని పక్కనా ఆపరేటర్ చేతి రాతలా పొడిపొడి మాటల్లో కారణం టైపు చేసి ఉంటే, యజమాని ఇక తూకం మార్చే మీట గురించి అడగడు. వర్షాకాలంలో తొట్టికి బురద అంటినప్పుడు 500 కిలోల హద్దు సరిపోవడం లేదు, 700 చెయ్యమని అడుగుతాడు.